80సి కింద ఏది ఎంచుకోవాలి? లాక్-ఇన్, రిస్కు, అవసరానికి చేతికందే డబ్బు

జనవరి రాగానే ఆఫీసు అకౌంట్స్ విభాగం నుంచి పెట్టుబడుల రుజువులు పంపమని మెయిల్ వస్తుంది. గడువు వారమో పది రోజులో ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది ఆ వారంలోనే, ఎవరో చెప్పారని ఒక బీమా పాలసీయో, బ్యాంకు యాప్‌లో కనపడిన ఐదేళ్ల డిపాజిటో చేసేస్తారు. ఎంత పన్ను తగ్గుతుందో చూసుకుంటారు గానీ, రెండేళ్ల తర్వాత ఆ డబ్బు అవసరమైతే ఏం చేయాలో చూసుకోరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండో ప్రశ్న గురించే. ఇందులోని పన్ను లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ముందు తేలాల్సింది: మీకు 80సి అసలు పనికొస్తుందా?

ఆదాయపన్ను చట్టంలోని సెక్షన్ 80సి కింద ఏడాదికి గరిష్ఠంగా రూ.1,50,000 వరకు వచ్చే మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో లేదు. మీరు ఏదీ చెప్పకపోతే ఆఫీసువాళ్లు కొత్త విధానం ప్రకారమే పన్ను కోస్తారు. కొత్త విధానంలో రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలిన ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను పడదు. అంటే జీతం తప్ప వేరే ఆదాయం లేనివారికి ఏడాదికి రూ.12,75,000 జీతం వరకు పన్ను సున్నా.

మీ జీతం ఏడాదికి రూ.10 లక్షలు అనుకోండి. మీరు కట్టాల్సిన పన్నే లేదు కాబట్టి, పన్ను ఆదా పేరుతో ఐదేళ్లు బిగించుకున్న డిపాజిట్ మీకు ఒక్క రూపాయి కూడా ఆదా చేయదు. తాళం మాత్రం పడుతుంది. ఇలాంటివారు పొదుపు చేయాల్సిందే గానీ, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల మామూలు డిపాజిట్‌లోనో, లాక్-ఇన్, అంటే నిర్ణీత గడువు దాకా డబ్బు తీయకూడదన్న నిబంధన, లేని ఫండ్‌లోనో చేసుకుంటే సరిపోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోవచ్చు.

మరి పాత విధానం ఎవరికి లాభం? అద్దె, ఇంటి రుణం, ఆరోగ్య బీమా లాంటి మినహాయింపులు చాలా కలిసొచ్చేవారికి. ఒక ఉదాహరణ పూర్తిగా లెక్కేసి చూద్దాం.

ఒక ఉద్యోగి హైదరాబాద్‌లో పనిచేస్తున్నారు. జీతం ఏడాదికి రూ.15 లక్షలు, అందులో బేసిక్ రూ.6 లక్షలు, ఇంటి అద్దె భత్యం రూ.2,40,000. నెలకు రూ.25,000 అద్దె కడుతున్నారు. విజయవాడలో తల్లిదండ్రులు ఉంటున్న ఇల్లు తన పేరు మీదే ఉంది, దాని రుణానికి ఏడాదికి రూ.2 లక్షలకు కాస్త పైగా వడ్డీ, రూ.48,000 అసలు కడుతున్నారు. కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియం రూ.25,000. జీతం నుంచి పీఎఫ్ కింద బేసిక్‌లో 12 శాతం, అంటే రూ.72,000 కోత పడుతోంది.

కొత్త విధానంలో ఆయన పన్ను వేయదగిన ఆదాయం రూ.14,25,000. పన్ను రూ.93,750, నాలుగు శాతం సెస్సుతో కలిపి రూ.97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000, అద్దె భత్యం మీద రూ.2,40,000, ఇంటి రుణ వడ్డీ రూ.2,00,000, ఆరోగ్య బీమా రూ.25,000 పోతాయి. 80సి కింద పీఎఫ్, ఇంటి రుణం అసలు కలిపి ఇప్పటికే రూ.1,20,000 ఉంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది రూ.8,65,000. దాని మీద సెస్సుతో కలిపి పన్ను రూ.88,920. అంటే కొత్తగా ఏమీ పెట్టుబడి పెట్టకపోయినా పాత విధానం ఈయనకు రూ.8,580 లాభం.

ఈ ఇంటి రుణం లేదనుకోండి, లెక్క తిరగబడుతుంది. అప్పుడు 80సి మొత్తం నింపినా ఆయనకు కొత్త విధానమే మేలు. అందుకే పక్క సీటులోని సహోద్యోగి పాత విధానం ఎంచుకున్నారని మనమూ ఎంచుకోకూడదు. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో రెండు విధానాలనూ పోల్చి చూపే కాలిక్యులేటర్ ఉంది. మీ పే-స్లిప్ పక్కన పెట్టుకుని కూర్చుంటే పావుగంట పని.

పెట్టాల్సింది లక్షన్నర కాదు, మిగిలిన ఖాళీ మాత్రమే

పై ఉదాహరణలో ఉద్యోగికి 80సిలో మిగిలిన ఖాళీ రూ.30,000. చాలామంది పీఎఫ్ కోత 80సిలోకే వస్తుందన్న సంగతి మరచి, మొత్తం లక్షన్నరకూ విడిగా పెట్టుబడులు పెట్టేస్తారు. లక్షన్నర దాటినదానికి 80సి కింద మినహాయింపు రాదు, కానీ దాని లాక్-ఇన్ మాత్రం తప్పదు.

పీఎఫ్ ఎంత పడుతోందో పే-స్లిప్‌లో చూసి నిర్ధారించుకోండి. కొన్ని కంపెనీలు బేసిక్ మొత్తం మీద 12 శాతం కాకుండా, చట్టంలోని రూ.15,000 వేతన పరిమితి మీద లెక్కేసి నెలకు రూ.1,800 మాత్రమే కోస్తాయి. అప్పుడు ఏడాదికి వచ్చేది రూ.21,600 మాత్రమే, ఖాళీ పెద్దదవుతుంది. యజమాని వాటా 80సిలోకి రాదు, మీ వాటానే లెక్క. పిల్లల స్కూలు ట్యూషన్ ఫీజు, టర్మ్ బీమా ప్రీమియం కూడా ఇందులోకే వస్తాయి కాబట్టి అవీ కలుపుకోండి.

ఆ రూ.30,000 పెట్టుబడి పెడితే ఈ ఉద్యోగికి ఆదా అయ్యేది రూ.6,240. ఆయన 20 శాతం శ్లాబులో ఉన్నారు, మీద సెస్సు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. లాక్-ఇన్‌కు ఒప్పుకున్నందుకు మనకు దక్కే ప్రతిఫలం ఇదే, అదీ ఒక్కసారే.

ఇప్పుడు దీన్ని ఎదురు లెక్క వేయండి. ఏడాది తిరక్కముందే ఇంట్లో అత్యవసరం వచ్చి రూ.30,000 కావాల్సి వచ్చింది. డబ్బు తాళం వెనక ఉంది. క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీతో వాడుకుని ఆరు నెలలు తీర్చలేకపోతే వడ్డీయే సుమారు రూ.6,300, దాని మీద జీఎస్టీ వేరు. ఆదా చేసిన పన్ను మొత్తం అక్కడే హరించుకుపోయింది. అందుకే కనీసం నాలుగైదు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు సేవింగ్స్ ఖాతాలోనో మామూలు డిపాజిట్‌లోనో లేకుండా 80సి జోలికి వెళ్లడం మంచిది కాదు. మూడేళ్లలోపు అవసరం పడే డబ్బైతే ఈ జాబితాలో దానికి సరిపోయేది ఏదీ లేదు. ఆ ఏడాదికి పన్ను కట్టేయడమే తెలివైన పని.

ఐదేళ్ల పన్ను ఆదా డిపాజిట్: చూడటానికి సులువు, తలుపులన్నీ మూసే ఉంటాయి

కొత్తవాళ్లు ముందుగా మొగ్గేది దీనివైపే. బ్యాంకు తెలిసినదే, వడ్డీ ముందే తెలుస్తుంది, యాప్‌లో రెండు నిమిషాల పని. కానీ డబ్బు చేతికందే విషయంలో అన్నిటికన్నా కఠినమైనది ఇదే. మామూలు డిపాజిట్‌ను కొంత వడ్డీ వదులుకుంటే మధ్యలో రద్దు చేసుకోవచ్చు, దాని మీద రుణమూ తీసుకోవచ్చు. దీన్ని ఐదేళ్లలోపు రద్దు చేయడానికి లేదు. దీన్ని తాకట్టు పెట్టడానికి, దీని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవడానికి కూడా లేదు. డిపాజిట్‌దారు మరణిస్తే మాత్రం నామినీ ముందుగా తీసుకోవచ్చు.

వడ్డీ మీద ఏటా పన్ను కట్టాలి. బ్యాంకు 6.5 శాతం ఇస్తే, 20 శాతం శ్లాబులో ఉన్నవారికి పన్ను, సెస్సు పోగా చేతిలో మిగిలేది 5.15 శాతం దగ్గర. 30 శాతం శ్లాబులోవారికి ఇంకా తక్కువ. అసలుకు ముప్పు తక్కువే. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిట్‌దారుకు అన్నీ కలిపి రూ.5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. అసలు రిస్కు ధరల పెరుగుదలది. ఐదేళ్లలో వచ్చే వడ్డీ పెరిగిన ధరలకే సరిపోవచ్చు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. యాప్‌లో 'పన్ను ఆదా' డిపాజిట్ కాకుండా మామూలు డిపాజిట్‌కే ఐదేళ్ల గడువు ఎంచుకుంటారు. గడువు ఐదేళ్లయినా దానికి 80సి వర్తించదు. డిపాజిట్ రసీదు మీద పన్ను ఆదా పథకం అన్న మాట స్పష్టంగా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి. జాయింటు డిపాజిట్ అయితే మొదటి పేరు ఎవరిదో వారికే మినహాయింపు.

అదే ఐదేళ్లు, కాస్త మెరుగ్గా: పోస్టాఫీసు ఎన్ఎస్‌సీ

ఐదేళ్ల తర్వాత ఖచ్చితంగా కావలసిన డబ్బు, నష్టం భరించలేని డబ్బు అయితే బ్యాంకు పన్ను ఆదా డిపాజిట్ కన్నా జాతీయ పొదుపు పత్రమే మంచిదని మా అభిప్రాయం. దీనికీ గడువు ఐదేళ్లే. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.7 శాతం. కొన్న రోజు ఉన్న రేటే చివరిదాకా వర్తిస్తుంది. రూ.30,000 పెడితే ఐదేళ్లకు రూ.43,470 వస్తుంది.

మామూలు పరిస్థితుల్లో దీన్నీ మధ్యలో రద్దు చేయలేం. కానీ బ్యాంకులో హామీగా పెట్టి రుణం తీసుకోవచ్చు. దానికి పోస్టాఫీసులో ఆ పత్రాన్ని బ్యాంకు పేరున హామీగా నమోదు చేయించాలి, కాబట్టి పొద్దున అనుకుని సాయంత్రానికి తెచ్చుకునే డబ్బు కాదు. అయినా బ్యాంకు డిపాజిట్‌కు ఆ దారి కూడా లేదు.

ఇందులో వడ్డీ ఏటా చేతికి రాదు, ఖాతాలోనే కలుస్తుంది. అయినా ఆ వడ్డీని ఏటా ఆదాయంగా చూపించుకోవచ్చు, మొదటి నాలుగేళ్ల వడ్డీని తిరిగి పెట్టుబడి పెట్టినట్టుగా లెక్కించి 80సిలోనూ చూపించుకోవచ్చు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ రూ.2,310. మరుసటి ఏడాది 80సిలో ఖాళీ ఉంటే అది ఇటూ అటూ సరిపోయి పన్ను పడదు. చాలామంది ఏటా ఏమీ చూపించకుండా ఐదో ఏట మొత్తం వడ్డీని ఒకేసారి చూపిస్తారు, ఆ ఏడాది పన్ను ఒక్కసారిగా మీద పడుతుంది. మధ్యలో కొత్త పన్ను విధానానికి మారితే 80సి ఉండదు కాబట్టి ఆ ఏళ్ల వడ్డీకి ఈ సౌలభ్యం ఉండదు.

పీపీఎఫ్: పదిహేనేళ్లన్న మాటను విప్పి చూడాలి

పీపీఎఫ్ అంటే ప్రజా భవిష్య నిధి, పదిహేనేళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా. పదిహేనేళ్లు అనగానే కొత్తవాళ్లు భయపడతారు. మధ్యలో రుణం, పాక్షిక విత్‌డ్రాయల్ ఉన్నాయని తెలిశాక కొందరు మరీ ధైర్యపడతారు. రెండూ సగం నిజాలే. ఆ తలుపులు ఎంత వెడల్పుగా ఉంటాయో అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది.

వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ సమీక్షిస్తుంది, మారితే మీ పాత డబ్బుకు కూడా కొత్త రేటే. వడ్డీ మీద పన్ను లేదు, చివర్లో వచ్చే మొత్తం మీదా లేదు. 20 శాతం శ్లాబులోవారికి ఎన్ఎస్‌సీ 7.7 శాతం కాస్తా వడ్డీ మీద పన్ను పడితే 6.1 శాతానికి దిగుతుంది. పీపీఎఫ్ 7.1 శాతం అలాగే నిలుస్తుంది. అసలుకు, వడ్డీకి కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది.

మన ఉద్యోగి 2026 మార్చిలో ఖాతా తెరిచి రూ.30,000 వేశారనుకుందాం. ఆ తర్వాత ఏటా ఏప్రిల్ మొదట్లో రూ.30,000 వేస్తున్నారు. పదిహేనేళ్లను ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి లెక్కిస్తారు. మార్చిలో తెరిస్తే 2041 మార్చి చివరికి గడువు పూర్తవుతుంది. అదే వారం పది రోజులు ఆగి ఏప్రిల్‌లో తెరిస్తే 2042 దాకా ఆగాలి.

రుణం 2027-28 నుంచి 2030-31 చివరి వరకు తీసుకోవచ్చు. ఎంత? రుణం అడిగే ఏడాదికి ముందు రెండో ఏడాది చివర్లో ఉన్న నిల్వలో నాలుగో వంతు. 2027-28లో అడిగితే 2025-26 చివరి నిల్వ చూస్తారు. అది రూ.30,000, అంటే వచ్చే రుణం రూ.7,500. దీన్ని 36 నెలల్లో తీరిస్తే వడ్డీ ఒక్క శాతమే. చవకైన రుణమే గానీ, దాంతో పెద్ద అవసరం ఏదీ తీరదు.

పాక్షిక విత్‌డ్రాయల్ 2031 ఏప్రిల్ నుంచి మొదలవుతుంది, ఏడాదికి ఒకసారి. ఇక్కడ కూడా ఆ రోజు ఖాతాలో ఉన్నదాంట్లో సగం ఇవ్వరు. నాలుగేళ్ల కిందటి నిల్వ, కిందటి ఏడాది నిల్వ, ఈ రెండింటిలో తక్కువదాంట్లో సగం. 2030-31 చివరికి ఆయన ఖాతాలో సుమారు రూ.2,27,400 ఉంటుంది. కానీ చూసేది 2027-28 చివరి నిల్వ, అది సుమారు రూ.1,01,000. కాబట్టి ఆయన తీసుకోగలిగేది రూ.50,000 చిల్లర. ఖాతాలో ఉన్నదాంట్లో నాలుగో వంతు కన్నా తక్కువ.

ఖాతా పూర్తిగా మూసేయాలంటే కూడా ఐదేళ్లు నిండాలి, తీవ్ర అనారోగ్యం, ఉన్నత చదువు, విదేశాల్లో స్థిరపడటం లాంటి కారణం ఉండాలి, వడ్డీలో ఒక శాతం కోత పడుతుంది.

అందుకే పీపీఎఫ్‌ను అవసరానికి తీసుకునే డబ్బుగా అసలు లెక్క వేసుకోవద్దు. పదిహేనేళ్ల తర్వాతి అవసరానికి, పీఎఫ్ లేనివారికి వృద్ధాప్యపు నిధిగా ఇది చాలా మంచిది. ఏటా వేయాల్సింది కనీసం రూ.500 మాత్రమే కాబట్టి, ముందు ఖాతా తెరిచి కాలం నడిపించి, జీతం పెరిగాక ఎక్కువ వేసుకోవచ్చు. ఆ రూ.500 కూడా వేయకపోతే ఖాతా స్తంభిస్తుంది. రుణం, విత్‌డ్రాయల్ రెండూ ఆగిపోతాయి. తప్పిన ప్రతి ఏడాదికి రూ.500, దానికి రూ.50 జరిమానా కడితే తిరిగి బతుకుతుంది.

నెలనెలా వేసేవాళ్లు ఐదో తేదీలోపు వేయాలి. ఐదో తేదీ ముగిసేసరికి ఉన్న నిల్వ, నెలాఖరు నిల్వ, వీటిలో తక్కువదాని మీదే ఆ నెల వడ్డీ ఇస్తారు. ఆరో తేదీన వేస్తే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ పోయినట్టే. జీతం ఒకటో తేదీన పడేవారు రెండో తేదీకి ఆటోమేటిక్ బదిలీ పెట్టుకుంటే చాలు.

ఈఎల్ఎస్ఎస్: మూడేళ్ల తాళం, తెరిచిన రోజు ఎంత ఉంటుందో తెలియదు

80సి జాబితాలో అతి తక్కువ లాక్-ఇన్ ఈఎల్ఎస్ఎస్ అనే ఈ పన్ను ఆదా మ్యూచువల్ ఫండ్లదే. అందుకే డబ్బు త్వరగా చేతికందేది ఇదేనని ప్రచారం. తాళం విషయంలో అది నిజం. కానీ డబ్బులో కనీసం 80 శాతం షేర్లలో ఉంటుంది కాబట్టి తాళం తెరుచుకున్న రోజున పెట్టినంత ఉంటుందన్న హామీ లేదు.

ఇది ఊహ కాదు. 2017 మార్చి చివర్లో షేర్ల సూచీ నిఫ్టీ 9,174 దగ్గర ఉంది. కోవిడ్ భయంతో 2020 మార్చి 23న 7,610కి పడింది. మూడేళ్లు ఓపిక పట్టి, సరిగ్గా ఆ రోజుల్లో తాళం తెరుచుకున్నవారు ఇండెక్స్ లెక్కన 17 శాతం నష్టంలో ఉన్నారు. ఆ నెలలోనే అమ్మాల్సిన అవసరం పడినవారికి అది నిజమైన నష్టం. అవసరం లేక అలాగే ఉంచినవారికి అదే ఏడాది డిసెంబరు చివరికి నిఫ్టీ 13,900 దాటింది. ఒకే ఫండ్, ఒకే తేదీ, ఇద్దరి ఫలితాలూ వేరు. తేడా అంతా డబ్బు ఎప్పుడు కావాలన్న దగ్గరే ఉంది. కాబట్టి మూడేళ్లను తప్పనిసరి కనీస గడువుగా మాత్రమే చూడాలి. ఏడేళ్ల దాకా తాకనవసరం లేని డబ్బునే ఇందులో పెట్టాలి.

సిప్ పద్ధతిలో, అంటే నెలనెలా వాయిదాలుగా, వేసేవాళ్లు తరచూ పొరబడేది ఇంకొకటి ఉంది. మూడేళ్లు ప్రతి వాయిదాకూ విడివిడిగా లెక్క. 2025 ఏప్రిల్ నుంచి నెలకు రూ.2,500 వేస్తే, మొదటి వాయిదా యూనిట్లు 2028 ఏప్రిల్‌లో విడుదలవుతాయి, 2026 మార్చి వాయిదావి 2029 మార్చి దాకా రావు. సిప్ ఆపకుండా కొనసాగిస్తే ఎప్పుడు చూసినా ఆఖరి 36 వాయిదాలు, అంటే రూ.90,000 పెట్టుబడి తాళంలోనే ఉంటుంది. యాప్‌లో ఫండ్ మొత్తం విలువ పెద్దగా కనపడుతుంది. అందులో ఈ రోజు అమ్మగలిగిన యూనిట్లు ఎన్నో విడిగా చూసుకోవాలి. తాళంలో ఉన్న యూనిట్లను తాకట్టు పెట్టి రుణం తీసుకోవడమూ కుదరదు. తాళం తీరిన యూనిట్లు అమ్మితే డబ్బు రెండు మూడు పని దినాల్లో బ్యాంకులో పడుతుంది.

లాభం మీద పన్ను తక్కువే. షేర్లు, ఈక్విటీ ఫండ్లు అన్నిటి మీదా కలిపి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దీర్ఘకాలిక లాభంలో మొదటి రూ.1,25,000కు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. నెలకు రూ.2,500 వేసేవారు ఏటా కొంచెం కొంచెం అమ్ముకుంటే ఈ పరిమితి దాటడం అరుదు.

కొనేటప్పుడు ఫండ్ పేరు చివర Direct, Growth అన్న రెండు మాటలూ ఉన్నవి ఎంచుకోండి. మొదటిదాంట్లో మధ్యవర్తి కమిషన్ ఉండదు, రెండోదాంట్లో లాభం మధ్యలో పంచకుండా ఫండ్‌లోనే పెరుగుతుంది. ఏటా ఆ ఏడాది బాగా పెరిగిన ఫండ్ వెతికి కొనేవారికి ఐదేళ్లలో ఐదు ఫండ్లు పోగవుతాయి, అన్నిట్లో దాదాపు అవే కంపెనీలు ఉంటాయి. ఒక్కటి చాలు. ఇంకో జాగ్రత్త: మార్చి ఆఖరి రోజుల్లో కొనకండి. డబ్బు ఫండ్ ఖాతాకు చేరాకే యూనిట్లు కేటాయిస్తారు. మధ్యలో సెలవులు వచ్చి కేటాయింపు ఏప్రిల్‌లోకి జరిగితే ఆ ఏడాది మినహాయింపు పోతుంది. మార్చి 20లోపు ముగించుకోవడం మేలు.

కొత్త ఖాతా అక్కర్లేని దారి

పీఎఫ్ ఉన్న ఉద్యోగులు చాలామంది పట్టించుకోనిది వీపీఎఫ్, అంటే స్వచ్ఛంద పీఎఫ్. మీ వాటాను 12 శాతం కన్నా ఎక్కువ కోయమని ఆఫీసులో రాసిస్తే చాలు. వడ్డీ పీఎఫ్‌దే, 2024-25కు అది 8.25 శాతం. మన ఉద్యోగి నెలకు మరో రూ.2,500 ఇలా కోయించుకుంటే ఖాళీ నిండిపోతుంది, మార్చిలో పరుగులూ ఉండవు. మీ వాటా ఏడాదికి రూ.2.5 లక్షలు దాటితే ఆ అదనపు భాగం మీది వడ్డీకి పన్ను పడుతుంది. ఈయన దానికి చాలా దూరంలో ఉన్నారు.

వైద్యం, ఇల్లు, పెళ్లి లాంటి అవసరాలకు పీఎఫ్ నుంచి అడ్వాన్సు అడగొచ్చు. కాబట్టి పీపీఎఫ్ కన్నా తలుపు కాస్త వెడల్పే. ముప్పంతా ఉద్యోగం మారేటప్పుడు వస్తుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ మొత్తం తీసేసుకుంటే దాని మీద పన్ను పడుతుంది, ఇన్నేళ్లూ 80సి కింద పొందినది కూడా వెనక్కి కట్టాల్సి వస్తుంది. పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది, ఈ బెడద ఉండదు. కొన్ని కంపెనీలు వీపీఎఫ్ మార్పును ఏడాది మొదట్లోనే ఒప్పుకుంటాయి, ఏప్రిల్‌లోనే అడగండి.

జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో పాత విధానం కింద లక్షన్నర పైన మరో రూ.50,000కు మినహాయింపు ఉంది. కానీ అది రిటైర్మెంట్ కోసం ఉద్దేశించిన డబ్బు. మూడేళ్ల తర్వాత సొంతంగా వేసినదాంట్లో 25 శాతం వరకు, నిర్ణీత కారణాలకే తీసుకోవచ్చు. మొదటి ఏడాదే దీన్ని ఎత్తుకోనక్కర్లేదు. మీ కంపెనీ తన వంతుగా ఎన్‌పీఎస్‌లో వేస్తానంటే మాత్రం వేరే సంగతి. దానికి కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది, ఒకసారి లెక్కేసి చూడండి.

పొదుపు, బీమా కలిపి అమ్మే పాలసీలతో 80సి నింపొద్దు. మిగతావాటిలో ఒక ఏడాది వేసి మరుసటి ఏడాది మానేయొచ్చు, పీపీఎఫ్‌లో రూ.500తో సరిపెట్టొచ్చు. ఈ పాలసీల్లో పది, పదిహేను, ఇరవై ఏళ్ల పాటు ఏటా ప్రీమియం కట్టాలి. మూడో ఏడాది ఆపేస్తే చేతికొచ్చేది సాధారణంగా కట్టినదానికన్నా తక్కువ. మీ మీద ఆధారపడినవారు ఉంటే టర్మ్ పాలసీ తీసుకోండి, దాని ప్రీమియమూ 80సిలోకి వస్తుంది.

మన ఉద్యోగి రూ.30,000 ఎక్కడ పెట్టాలి?

ఈయన మీద ఇంటి రుణం ఉంది, నెలనెలా వాయిదా ఆగకూడదు. కాబట్టి ముందు అత్యవసర నిధి ఉందో లేదో చూడాలి. లేకపోతే ఈ ఏడాది రూ.6,240 పన్ను కట్టి ఆ రూ.30,000ను ఆ నిధిలోనే వేయాలి. పాత విధానం ఆయనకు ఎలాగూ లాభమే.

నిధి ఉంటే, ఈయనకు పీఎఫ్ రూపంలో స్థిర వడ్డీ డబ్బు ఏటా ముందే పోగవుతోంది కాబట్టి ఈఎల్ఎస్ఎస్‌లో నెలకు రూ.2,500 సిప్ సరైనదని మేం చెబుతాం. మార్కెట్ పడితే నిద్ర పట్టని మనిషైతే అదే డబ్బు వీపీఎఫ్‌కు మళ్లించాలి. ఐదేళ్లలో చెల్లెలి పెళ్లికో, చదువుకో ఈ డబ్బే కావాలని ముందే తెలిస్తే ఎన్ఎస్‌సీ. పీఎఫ్ లేని చిన్న సంస్థలో పనిచేసేవారికైతే మా మొదటి ఎంపిక పీపీఎఫ్ అయ్యేది.

మూడేళ్లు గడిచాక ఈఎల్ఎస్ఎస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఆ ఏడాది కొత్తగా పెట్టడానికి డబ్బు లేకపోతే, తాళం తీరిన పాత యూనిట్లు అమ్మి ఆ డబ్బునే మళ్లీ ఈఎల్ఎస్ఎస్‌లో పెట్టి 80సి కింద చూపించుకోవచ్చు. కొత్త యూనిట్లకు మళ్లీ మూడేళ్ల తాళం పడుతుంది.

ఆఫీసుకు రుజువులు ఇచ్చే గడువు దాటిపోయినా కంగారుపడి ఏదో ఒకటి కొనకండి. మార్చి 31లోపు పెట్టిన పెట్టుబడిని రిటర్నులో చూపించి, ఎక్కువ కోసిన పన్ను వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆఫీసులో కొత్త విధానం చెప్పినవారు కూడా రిటర్ను వేసేటప్పుడు పాత విధానానికి మారవచ్చు. అయితే ఆ రిటర్నును గడువులోపు, జీతగాళ్లకు మామూలుగా జూలై 31లోపు, వేసి తీరాలి. గడువు దాటాక వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకోవడం కుదరదు, ఆ ఏడాది పెట్టిన 80సి పెట్టుబడులన్నీ పన్ను లెక్కలోకి రాకుండా పోతాయి.